ఆరు వారాల వాచీ స్క్రీన్‌షాట్లు: నా నిద్ర నిలకడగా ఉన్నట్టా, లేనట్టా?

సీను_గుంటూరు: హైదరాబాద్‌లో అమెరికా షిఫ్టు నాది. ఆరు వారాల స్క్రీన్‌షాట్లు పెట్టాను. ఏ వారం చూసినా నిద్ర సగటు 6 గంటల 50 నిమిషాల దగ్గరే ఉంది. మూడో వారం అడుగులు కూడా బాగా పెరిగాయి. నిద్ర నిలకడగానే ఉందని నేనంటాను, లేదని మా ఆవిడ అంటుంది. మీరేమంటారు?

చంటి: ఆరు గంటలు దాటుతోంది కదా అన్నా, టెన్షన్ ఎందుకు.

వెంకట్రావు_వాకర్: సగటు కాదండీ, గాఢనిద్ర చూడాలి. మీకు ఒక రోజు 48 నిమిషాలు, మర్నాడు గంటా ఇరవై. నిలకడ లేదని అక్కడే తేలిపోయింది.

మాధవి_స్లీప్‌ల్యాబ్: వెంకట్రావు గారూ, ఆ నిమిషాలను పట్టుకుని తేల్చలేం. మా ల్యాబ్‌లో తలకు వైర్లు అంటించి, మెదడు తరంగాలు చూసి నిద్ర దశలు చెబుతాం. వాచీకి తెలిసేది చేతి కదలిక, గుండె వేగం. వాటిని బట్టి అంచనా వేస్తుంది. పడుకున్న టైము, లేచిన టైము మాత్రం చాలావరకు సరిగ్గా పట్టుకుంటుంది. కదలకుండా మేలుకుని ఉంటే దాన్నీ నిద్ర కింద రాసేస్తుంది, అది గుర్తుంచుకోవాలి.

సీను గారూ, సగటు వదిలేసి మీ నాలుగో వారం రోజువారీ బార్లు చూడండి. ఐదు రోజులు తెల్లవారుజామున 4కి పడుకుని 10కి లేచారు. రెండు సెలవు రోజులు రాత్రి 11 నుంచి ఉదయం 8 దాకా. ముప్పై గంటలు, పద్దెనిమిది గంటలు కలిపి ఏడుతో భాగిస్తే 6 గంటల 51 నిమిషాలు. సగటు ముచ్చటగా వచ్చింది. కానీ నిద్ర మధ్యభాగం పని రోజుల్లో ఉదయం 7కి, సెలవుల్లో తెల్లవారుజామున మూడున్నరకి పడుతోంది. అంటే వారానికోసారి మీ ఒళ్లు మూడున్నర గంటలు వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు రావాలి.

రమ_స్టాఫ్‌నర్స్: అదే తీరు ప్రతి వారం వస్తుంటే అది నిలకడే కదా? ఆయన ఏ రోజు ఎప్పుడు పడుకుంటారో ముందే చెప్పేయొచ్చు.

మాధవి_స్లీప్‌ల్యాబ్: చెప్పొచ్చు. కానీ సోమవారం రాత్రికి ఒంటికి క్యాలెండర్ తెలియదు కదా రమ గారూ.

వెంకట్రావు_వాకర్: నా వాచీ గతుకుల రోడ్డు మీద స్కూటర్ నడిపినా అడుగులు లెక్కేస్తుంది. ఏం నమ్ముతాం వీటిని? అయినా గాఢనిద్రే ముఖ్యం.

చంటి: అడుగుల సంగతి చెప్పండి. వారాల వరసలో రోజు సగటు 6,200, 6,000, 9,100, 5,800, 5,500, 5,300. మధ్యలో అంత పెరిగితే మంచిదే కదా?

సీను_గుంటూరు: ఆ వారం అలిపిరి నుంచి కొండ ఎక్కాం.

మాధవి_స్లీప్‌ల్యాబ్: అయితే ఆ ఒక్క రోజే 27,000 అడుగులు పడ్డాయి, బారు చూడండి. అది తీసేస్తే మిగతా ఆరు రోజుల సగటు 6,100. అప్పుడు వరస ఏమిటో కనిపిస్తుంది: నెమ్మదిగా తగ్గుతోంది. ఇంకోటి, స్క్రీన్‌షాట్లలో ఎడమ పక్క గీతల కొలత ఒక వారం 10,000 దాకా, ఇంకో వారం 30,000 దాకా ఉంది. బార్ల ఎత్తు పక్కపక్కన పెట్టి పోల్చకండి, అంకెలు చదవండి. ఆరో వారంలో రెండు రోజులు ఖాళీ ఉన్నాయి. వాచీ పెట్టుకోలేదా, నిద్రపోలేదా అన్నది మీరే చెప్పాలి.

సీను_గుంటూరు: ఛార్జింగ్‌లో పెట్టి మర్చిపోయాను.

రమ_స్టాఫ్‌నర్స్: మాధవి గారూ, మీరు చెప్పే లెక్కే మా దగ్గర నా మీద వాడారు. ఆరోగ్య పోటీ అని సిబ్బంది అందరి స్క్రీన్‌షాట్లు తీసుకున్నారు. నైట్ డ్యూటీ వేసేది వాళ్లే, నిద్ర నిలకడలో చివరి ర్యాంకు నాకు. జనరల్ షిఫ్టు వాళ్లకు బహుమతి! మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటాను, అది నా వాచీ లెక్కలోకే రాలేదు. ల్యాబ్‌లో కూర్చుని నిలకడ లేదనడం తేలికే.

మాధవి_స్లీప్‌ల్యాబ్: నేనూ రాత్రంతా మేలుకునే పనిచేస్తానండీ, ల్యాబ్ నడిచేదే రాత్రిళ్లు. మీకు జరిగింది అన్యాయం. కానీ అందుకని ఆ తేడా లేదని అనలేను.

రమ_స్టాఫ్‌నర్స్: లేదనమని నేనూ అనడం లేదు. రోస్టర్ చేసిన పనికి మనిషి పేరు పెట్టొద్దంటున్నాను. "మీ నిద్రకు నిలకడ లేదు" అంటే వినేవాళ్లకు క్రమశిక్షణ లేదనే వినిపిస్తుంది.

వెంకట్రావు_వాకర్: క్రమశిక్షణ ఉంటే ఏ షిఫ్టులో అయినా నిద్ర పడుతుంది.

రమ_స్టాఫ్‌నర్స్: ఇదిగో, ఈ మాటే!

సీను_గుంటూరు: గొడవ పడకండి. మా ఆవిడ అసలు అడిగేది డే షిఫ్టుకి మారమని. మారితే నైట్ అలవెన్సు పోతుంది. సగటు బాగుంది కాబట్టి అక్కర్లేదని చూపిద్దామనే ఇవన్నీ పెట్టాను.

మాధవి_స్లీప్‌ల్యాబ్: ఆ సంగతి స్క్రీన్‌షాట్ తేల్చదండీ, మీ ఇద్దరూ తేల్చుకోవాలి. ఈలోగా ఒకటి చేసి చూడొచ్చు. సెలవు రోజుల్లో 11కి కాకుండా రాత్రి 2కి పడుకుని 9కి లేవండి. మధ్యభాగం ఐదున్నరకి వస్తుంది, తేడా గంటన్నరకు తగ్గుతుంది. మూడు వారాలయ్యాక సోమ, మంగళవారాల బార్లు పెట్టండి. పడుకున్నాక ఎంతసేపటికి నిద్ర పట్టిందో మీరే విడిగా రాసుకోండి, వాచీని అడగొద్దు.

రమ_స్టాఫ్‌నర్స్: సెలవు రోజు 2 దాకా మేలుకుంటే ఇంట్లో వాళ్లతో గడిపే పొద్దు ఎక్కడ మిగులుతుంది? అది ఏ బారులో కనిపిస్తుంది?

సీను_గుంటూరు: మా ఆవిడ కూడా ఇదే అడుగుతుంది. ఈ శనివారం నుంచి మొదలుపెడతాను, ఆమె ఒప్పుకుంటే.