నవంబర్ 1 తర్వాత హైదరాబాద్ మీటింగు, గుంటూరు ఫోను: గంట ఎక్కడ సర్దుకోవాలి?

డాలస్_మాధవి
ఇంటి నుంచే పని. ఆఫీసు కాలిఫోర్నియాలో, టీములో సగం హైదరాబాద్‌లో, అమ్మానాన్న గుంటూరులో. ఇప్పుడు సోమవారం నుంచి గురువారం దాకా పొద్దున 8:30కి హైదరాబాద్ వాళ్ళతో స్టాండప్ (అక్కడ సాయంత్రం 7). రాత్రి 8:30కి ఇంటికి ఫోను, అక్కడ మర్నాడు పొద్దున 7. నవంబర్ 1న ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది కదా, క్యాలెండర్‌లో 2వ తారీకు నుంచి స్టాండప్ 7:30కి చూపిస్తోంది. పాపని స్కూల్లో దింపడానికి 7:25కి బయల్దేరితే తిరిగొచ్చేసరికి 7:50. గుంటూరు 7 గంటలు పట్టుకుందామంటే ఇక్కడ రాత్రి 7:30, సరిగ్గా భోజనాల వేళ. రెండూ ఎలా సర్దాలి?

బే_ఏరియా_కిరణ్
ఆర్గనైజర్ ఎక్కడుంటే మీటింగు ఆ ఊరి టైముకి నడుస్తుంది. మీ స్టాండప్ హైదరాబాద్ వాళ్ళు పెట్టారు, అందుకే జరిగింది. మీ పేరు మీద కొత్తగా పెట్టుకోండి, అయిపోయింది.

శంకర్_టైంజోన్
కిరణ్ గారు చెప్పింది సగమే. ఆర్గనైజర్ ఏ ఊళ్ళో ఉన్నారన్నది కాదు, ఆ మీటింగులో ఏ టైంజోన్ రాసి ఉందన్నదే లెక్క. డాలస్‌లో ఉండే మనిషి సెలవుల్లో విజయవాడ వెళ్ళి, ల్యాప్‌టాప్ టైము ఇండియాకి మారాక మీటింగు పెడితే అది ఇండియా టైముకే అతుక్కుపోతుంది. తిరిగొచ్చినా మారదు. అలాంటివి నవంబర్‌లోనే బయటపడతాయి.

మాధవి గారూ, మీకొచ్చిన ఇన్వైట్ ఫైలు తెరిస్తే ఇలా ఉండాలి:

```
DTSTART;TZID=Asia/Kolkata:20261005T190000
RRULE:FREQ=WEEKLY;BYDAY=MO,TU,WE,TH
```

Asia/Kolkata అని ఉంటే అక్కడ 7 కదలదు, మీరే జరుగుతారు. America/Chicago అని ఉంటే మీకు 8:30 నిలుస్తుంది, వాళ్ళకి రాత్రి 8 అవుతుంది. టైము చివర Z ఉంటే అది యూటీసీ. ఇండియాలో గడియారం మార్చరు, యూటీసీ కూడా మారదు కాబట్టి అప్పుడూ జరిగేది మీరే.

ఇప్పుడు లెక్క. ఎండాకాలంలో డాలస్‌కీ ఇండియాకీ తేడా 10:30. నవంబర్ 1 నుంచి 11:30. మళ్ళీ 2027 మార్చి 14 దాకా ఇంతే, అంటే 19 వారాలు. కాలిఫోర్నియా కూడా ఆ రోజే మారుతుంది, కాబట్టి మీ ఆఫీసుతో రెండు గంటల తేడా అలాగే ఉంటుంది. సర్దాల్సింది ఇండియా వైపు ఉన్న ఆ ఒక్క గంటే. దాన్ని మొత్తం ఒకరి మీద వేయకుండా చెరి అరగంట తీసుకోండి: డాలస్‌లో 8:00, హైదరాబాద్‌లో 7:30. స్కూలు నుంచి వచ్చాక పది నిమిషాలు మిగులుతుంది.

దీనికి కొత్త మీటింగు అక్కర్లేదు. పెట్టినవాళ్ళనే నవంబర్ 2 నాటిది తెరిచి, 7:30కి మార్చి, సేవ్ చేసేటప్పుడు This and following events ఎంచుకోమనండి. కొత్తది పెడితే పాతది తీసేయడం మర్చిపోతారు, సగం మంది 7కి, సగం మంది 7:30కి వస్తారు.

గచ్చిబౌలి_నవీన్
హైదరాబాద్ దిక్కు నుంచి ఒక మాట. అరగంటంటే సరే. కానీ 7:30కి మొదలైంది 7:45కి అయిపోవాలె. మీకది పొద్దున కాబట్టి మాటలు సాగుతయ్, మాకు దాని తర్వాత ఇంటికి పోవుడు, బువ్వ తినుడు ఉంటది. పెద్ద చర్చేదన్నా ఉంటే రాసి పెట్టుండ్రి, మర్నాడు మా పొద్దున చూస్తం. ఇంకోటి, చాట్‌ల ‘9 CST’ అని రాయకుండ్రి. చైనా టైముకు కూడా అవే అక్షరాలు. ఎండకాలంల కూడా కొందరు అట్లనే రాస్తరు, గంట తప్పుతది. ‘డాలస్ టైము’ అంటే గొడవే లేదు.

ఫీనిక్స్_రవి
అరిజోనాలో గడియారం మార్చరు కాబట్టి నాకు ఇంటి ఫోనుతో ఏ ఇబ్బందీ లేదు, ఏడాది పొడుగునా 12:30 తేడా. నా సమస్య ఆఫీసుతోనే. ఎండాకాలంలో కాలిఫోర్నియా టైమూ మాదీ ఒకటే. నవంబర్ వస్తే వాళ్ళకంటే గంట ముందుంటాం, వాళ్ళ సాయంత్రం 5 నాకు 6. దీనికేం చేయాలి?

శంకర్_టైంజోన్
రవి గారూ, మీది దీనికి తిరగేసిన లెక్క. మీ క్యాలెండర్ సెటింగ్స్‌లో డెన్వర్ కాకుండా America/Phoenix ఉందో లేదో ముందు చూసుకోండి. రెంటికీ ‘మౌంటెన్’ అనే పేరు కనిపిస్తుంది కానీ డెన్వర్ గడియారం మారుతుంది. తర్వాత పని వేళలు నవంబర్ నుంచి మీ గడియారంలో గంట ఆలస్యంగా మొదలయ్యేలా జరిపి, టీముకి చెప్పండి.

లండన్_సుధ
ఇంకో చిక్కుంది. బ్రిటన్, యూరప్ అక్టోబర్ 25నే మారతాయి, అమెరికా నవంబర్ 1న. ఆ మధ్య వారం లండన్‌కీ డాలస్‌కీ తేడా ఆరు గంటలు కాదు, ఐదే. లండన్ మధ్యాహ్నం 3 మీటింగు డాలస్‌లో 9కి బదులు 10కి కనిపిస్తుంది. తప్పు పడిందనుకుని చాలామంది చేత్తో మార్చేస్తారు, మరుసటి వారం అది నిజంగానే తప్పవుతుంది. ఆ వారం ముట్టుకోకండి. మార్చిలో ఈ ఎడం ఇంకా పెద్దది: 2026లో మూడు వారాలు, 2027లో రెండు.

డాలస్_మాధవి
ఇన్వైట్ చూశాను, Asia/Kolkata అనే ఉంది. 7:30కి మార్చమని అడిగాను. మరి ఇంటి ఫోను?

శంకర్_టైంజోన్
అక్కడా సగం సగం: డాలస్ రాత్రి 8, గుంటూరు పొద్దున 7:30. మీ భోజనాలు అయిపోతాయి, వాళ్ళ టిఫిన్ ఇంకా మొదలవదు.

గుంటూరు_విజయలక్ష్మి
శంకర్ గారూ, ఆఫీసుకి మీరు చెప్పింది బాగుంది, ఇంటికి మాత్రం కుదరదండి. పెద్దవాళ్ళ రోజు మాత్రలతో నడుస్తుంది. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే, కాసేపాగి కాఫీ, 8 లోపు టిఫిన్, దాంతో షుగర్ మాత్ర. 7:30కి ఫోనొస్తే మాటల్లో పడి టిఫిన్ 8:30కి పోతుంది. ఒక్కరోజైతే ఫర్వాలేదు, 19 వారాలు! 7కే చేయమ్మా. రోజూ కుదరకపోతే వారానికి మూడు రోజులే చెయ్యి, కానీ 7కే. ఏ రోజులో గోడ మీది క్యాలెండర్‌లో నాన్నగారి చేతనే గుర్తు పెట్టించు. చెప్పిన రోజు ఫోను రాకపోతే వాళ్ళకి కంగారు, రాదని ముందే తెలిస్తే ఉండదు.

ఇంకోటి, రోజుల పేర్లు కలగాపులగం అవుతాయి. ‘శుక్రవారం చేస్తాను’ అంటే నీకు శుక్రవారం రాత్రి, మాకు శనివారం పొద్దున. ఎప్పుడూ మా వారమే చెప్పు.

శంకర్_టైంజోన్
మాత్రల సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదండి, మీరన్నదే సబబు. అయితే మాధవి గారి ఇంట్లో 7:30కి భోజనం ముందుకో వెనక్కో జరగాలి, అది వాళ్ళే తేల్చుకోవాలి. తారుమారు కాకుండా ఉండాలంటే ఫోనుని కూడా క్యాలెండర్‌లో Asia/Kolkata తోనే పెట్టుకోండి. మార్చి 14న దానంతటదే 8:30కి వచ్చేస్తుంది.

చలికాలంలో ఒక మేలు కూడా ఉంది. అక్కడ బ్యాంకు పొద్దున 10కి తెరిస్తే ఇప్పుడు మీకు రాత్రి 11:30, నవంబర్ నుంచి 10:30. అమ్మానాన్నల బ్యాంకు పనీ, ఆస్పత్రి అపాయింట్‌మెంటూ ఆదివారం రాత్రి కూర్చుంటే అయిపోతాయి, వాళ్ళకది సోమవారం.

డాలస్_మాధవి
పాప భోజనం 6:45కి జరిపి చూస్తాను. కానీ మంగళ, గురువారాల్లో కాలిఫోర్నియా మీటింగు ఇక్కడ 7 దాకా ఉంది. ఆ రెండు రోజులకీ ఇంకా దారి దొరకలేదు.

గుంటూరు_విజయలక్ష్మి
అయితే ఆ రెండు రాత్రులు వదిలెయ్యమ్మా. మా బుధ, శుక్రవారాలు ఫోను ఉండదని రాయించు.