కేంద్రం చీటీలో ఉన్న పాలు యూనియన్ బిల్లులో లేకపోవడం: రాత్రిపూట డేటా చేరికపై అనుభవాలు

లెక్కలగది

నేను ఒక జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్‌లో బిల్లుల లెక్కలు చూస్తాను. గ్రామ కేంద్రాల్లో తూకం, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ అన్నీ యంత్రమే నమోదు చేస్తుంది. ఉదయం, సాయంత్రం రెండు పూటల నమోదులను రాత్రి పదకొండు తర్వాత సిమ్ ద్వారా మా సర్వరుకు పంపుతుంది. వాటి ఆధారంగా పది రోజులకొకసారి బిల్లు వేసి, సొమ్మును రైతుల బ్యాంకు ఖాతాల్లో జమ చేస్తాం.

ఆగస్టు 11 నుంచి 20 వరకు వేసిన బిల్లులో ఒక కేంద్రం లెక్క కుదరలేదు. 14వ తేదీ సాయంత్రం కేంద్రం రిజిస్టరులో 43 నమోదులు, 187.6 లీటర్లు ఉన్నాయి. మా దగ్గర 41 నమోదులు, 176.4 లీటర్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కేంద్రంలోనే మరికొన్ని పూటలు పూర్తిగా సరిపోయాయి. ఫైళ్లన్నీ లోపం లేకుండా అందాయని సాఫ్ట్‌వేరు చూసే గుత్తేదారు చెబుతున్నారు. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా? దేన్ని ముందుగా పరిశీలించాలి?

మూడుగేదెలు

మా ఊళ్లోనూ ఇదే బాధండీ. కేంద్రంలో నా పాలకు వెన్న 6.8 అని చీటీ ఇస్తారు. ట్యాంకరు డెయిరీకి చేరాక మా కేంద్రం మొత్తానికి 6.4 వచ్చిందని చెబుతారు. మధ్యలో ఆ వెన్న ఎవరు తిన్నట్టు? మీ సర్వరులోనే మార్చేస్తున్నారేమో చూడండి.

లీటరుకిలో

లెక్కలగది గారూ, ముందుగా కొలమానం చూడండి. కేంద్రంలో లీటర్లలో, డెయిరీలో కిలోల్లో లెక్కించే చోట 1.03తో గుణించడమో భాగించడమో మరిచిపోతే ఇలాంటి తేడాలే వస్తాయి. మేము రెండు నెలలు తల పట్టుకున్న తర్వాత తేలింది ఇదే.

రాత్రిబండి

పాల యూనియన్లకు ఇలాంటి సాఫ్ట్‌వేరును చాలాకాలంగా నడుపుతున్నవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మూడుగేదెలు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే కానీ అది వేరే సంగతి. మీ 6.8 మీ ఒక్కరి పాలది. ట్యాంకరు నమూనా ఊరందరి పాలూ కలిసిన తర్వాత తీసినది. మీ పూటలో పోసిన అందరి వెన్ననూ వారి వారి పరిమాణంతో హెచ్చవేసి తీసిన సగటుతోనే దాన్ని పోల్చాలి. ఆ సగటు కూడా 6.4 కంటే బాగా ఎక్కువగా ఉంటే అప్పుడు కేంద్రంలోని అనలైజరు క్రమాంకనాన్ని, ట్యాంకరు నమూనా తీసే ముందు పాలను బాగా కలిపారో లేదో అనుమానించాలి. రాత్రిపూట పంపే డేటాకు దీనితో సంబంధం లేదు.

లీటరుకిలో గారు చెప్పిన తప్పు నిజంగానే జరుగుతుంది, కానీ ఇక్కడ జరిగినది అది కాదు. 187.6 లీటర్లలో మూడు శాతం అంటే సుమారు 5.6 మాత్రమే, తేడా 11.2 ఉంది. పైగా కొలమానం తప్పయితే ప్రతి పూటా అదే నిష్పత్తిలో తేడా వస్తుంది, నమోదుల సంఖ్య మాత్రం తగ్గదు. ఇక్కడ సంఖ్యే 43 నుంచి 41కి పడిపోయింది. అంటే రెండు నమోదులు ఎక్కడో రాలిపోయాయి. ఫైలు లోపం లేకుండా అందిందన్న మాట కూడా అబద్ధం కాకపోవచ్చు, ఎందుకంటే అందిన తర్వాతే రాలిపోయి ఉండవచ్చు.

మీ సర్వరులో కేంద్రం నుంచి వచ్చినది వచ్చినట్టుగా నిలవ ఉండే పట్టిక ఒకటి, బిల్లుకు వాడే పట్టిక ఇంకొకటి ఉంటాయి. మొదటిదానిలో ఈ ప్రశ్న అడిగి చూడండి (పట్టిక, గడుల పేర్లు, కేంద్రం సంఖ్య, సంవత్సరం మీ దగ్గర ఎలా ఉంటే అలా మార్చుకోండి):

```
SELECT member, COUNT(*)
FROM pours_raw
WHERE centre='0417' AND pdate='2024-08-14' AND shift='E'
GROUP BY member HAVING COUNT(*) > 1;
```

ఒకే పూటలో రెండుసార్లు పాలు పోసిన సభ్యులు సరిగ్గా ఇద్దరు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ ఇద్దరికి బిల్లు పట్టికలో మిగిలినవి ముందు పోసిన పాలా, తర్వాత పోసినవా అన్నది కూడా చూసి చెప్పండి.

లెక్కలగది

సరిగ్గా ఇద్దరే ఉన్నారు. ఇద్దరి ఇళ్లలోనూ గేదెలూ ఆవులూ ఉన్నాయి. గేదె పాలు ముందు, ఆవు పాలు తర్వాత విడివిడిగా పోశారు. బిల్లులో గేదె పాలు మాత్రమే ఉన్నాయి. రాలిపోయిన ఆవు పాలు ఒకరివి 6.8 లీటర్లు, మరొకరివి 4.4 లీటర్లు, కలిపితే 11.2 సరిపోయింది. గుత్తేదారును గట్టిగా అడిగితే, జూన్‌లో కొన్ని కేంద్రాల పాలు రెండింతలుగా నమోదయ్యాయని ఫిర్యాదులు రావడంతో ‘ఒక కేంద్రం, ఒక తేదీ, ఒక పూట, ఒక సభ్యుడు అంటే ఒకే నమోదు’ అనే నియమం పెట్టామని ఒప్పుకున్నారు.

రాత్రిబండి

ఊహించినదే. జూన్‌లో రెండింతలు అవడానికి కారణం ఇలా ఉండి ఉంటుంది: యంత్రం పూట మొత్తాన్ని పంపింది, సర్వరు దాన్ని దాచుకుంది, కానీ ‘అందింది’ అన్న జవాబు సిగ్నల్ సరిగా లేక యంత్రానికి చేరలేదు. అది పాపం మళ్లీ మొత్తం పంపింది. అలా మళ్లీ పంపడం యంత్రం తప్పు కాదు. అలాగే పంపాలి కూడా, లేకపోతే పాలు నిజంగానే పోతాయి. రెండోసారి వచ్చినదాన్ని గుర్తుపట్టి వదిలేయడం సర్వరు బాధ్యత. గుర్తుపట్టడానికి సభ్యుని సంఖ్యను ఎంచుకోవడమే దెబ్బతీసింది, ఎందుకంటే పాలు రెండు రకాలుగా పోసేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. గుర్తింపును శాంపిల్ సంఖ్య మీద పెట్టాలి. కేంద్రం, తేదీ, పూట, శాంపిల్ సంఖ్య నాలుగూ కలిస్తే ఒక చీటీ అవుతుంది. మళ్లీ పంపినప్పుడు ఆ నాలుగూ మారవు. అదే మనిషి రెండో క్యాను పోస్తే శాంపిల్ సంఖ్య మారుతుంది.

కార్యదర్శమ్మ

నేను ఒక మహిళా సంఘం కేంద్రానికి కార్యదర్శిని. రాత్రిబండి గారూ, మీ మాట కాదనడానికి కాదు గానీ, మా యంత్రంలో అది నడవదు. మా ఊళ్లో సాయంత్రం కరెంటు పోతుంది. బ్యాటరీ దిగిపోతే యంత్రం ఆగి, జనరేటరు వేశాక మళ్లీ మొదలవుతుంది, అప్పుడు శాంపిల్ సంఖ్య తిరిగి 1 నుంచి వస్తుంది. ఒకే పూటలో 1వ శాంపిల్ ఒకసారి ఒక వదినది, ఇంకోసారి ఇంకొక అక్కది అవుతుంది. మీ నియమం పెడితే రెండో ఆవిడ పాలు రాలిపోతాయి కదా?

ఇంకొకటి కూడా ఉంది. హడావుడిలో 56కి బదులు 65 నొక్కిన రోజులుంటాయి. రైతు చీటీ చూసి అడిగితే నేను వెంటనే సరిచేస్తాను. కానీ ఒక్కోసారి ఆ సంగతి మరునాడు ఉదయమే తెలుస్తుంది, అప్పటికి డేటా వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు సరిచేసినది అక్కడ ఏమవుతుంది?

రాత్రిబండి

కార్యదర్శమ్మ గారు చెప్పిన రెండూ నిజమే, పైగా ఒకదానికొకటి అడ్డుపడతాయి. శాంపిల్ సంఖ్య మధ్యలో 1కి వెళ్లే యంత్రాలకు సభ్యుని సంఖ్యను, తూకం వేసిన సమయాన్ని కూడా గుర్తింపులో చేర్చాల్సి వస్తుంది. మళ్లీ పంపినా తూకం సమయం పాతదే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ సభ్యుని సంఖ్య గుర్తింపులో ఉన్నప్పుడు 65ను 56గా దిద్ది పంపితే సర్వరు దాన్ని కొత్త నమోదుగా తీసుకుంటుంది. 65 పేరిట పాత పాలూ ఉంటాయి, 56 పేరిట కొత్తవీ చేరతాయి. అందుకే ఒకసారి పంపిన నమోదును కేంద్రంలో దిద్దనివ్వకూడదన్నది నా అభిప్రాయం. పాతదాన్ని రద్దు చేస్తూ ఒక నమోదు, సరైనదానికి మరొక నమోదు పంపాలి. రద్దులో పాత చీటీ వివరాలన్నీ ఉండాలి.

ఎప్పటికీ వెనక్కి వెళ్లని వరుస సంఖ్యను ప్రతి తూకానికీ ఇచ్చే యంత్రాలు కొన్ని ఉన్నాయి. మీ యంత్రం అలాంటిదైతే కేంద్రం సంఖ్యతో పాటు ఆ ఒక్కటీ చాలు, ఈ బాధలన్నీ తప్పుతాయి. యంత్రం గడియారాన్ని మాత్రం అతిగా నమ్మకండి. లోపలి చిన్న సెల్ అయిపోతే తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంది, ఆ పూట పాలన్నీ ఏనాడో ముగిసిన బిల్లు తేదీలతో వచ్చి పడతాయి.

గుర్తింపు ఏదైనా సరే, పూట ముగిసినప్పుడు కేంద్రం మూడు అంకెలను విడిగా పంపాలి: నమోదుల సంఖ్య, మొత్తం లీటర్లు, మొత్తం సొమ్ము. సర్వరులో అవి కుదరకపోతే ఆ పూటను బిల్లులోకి ఎక్కించకుండా ఆపి, ఉదయం లెక్కల విభాగానికి చూపించాలి. 14వ తేదీ సాయంత్రం ఈ ఏర్పాటు ఉండి ఉంటే 43కీ 41కీ తేడా 15వ తేదీ ఉదయమే బయటపడేది.

లీటరుకిలో

ఆపడం బాగానే ఉంది కానీ 20వ తేదీ సాయంత్రం పూట ఆగిపోతే? మా దగ్గర 21న బిల్లు వేస్తాం. ఆ రాత్రి సిగ్నల్ లేక 21వ తేదీ రాత్రి వచ్చిన పాలను తర్వాతి బిల్లులో కలుపుతాం. రైతుకు పది రోజులు ఆలస్యమవుతుంది, అంతేగా.

రాత్రిబండి

ఆలస్యంతో పోదండీ. 21 నుంచి కొత్త రేటు చార్టు అమల్లోకి వస్తే, మీ సాఫ్ట్‌వేరు ఆ పాలకు పోసిన తేదీ నాటి రేటు కడుతోందా, డేటా అందిన తేదీ నాటి రేటు కడుతోందా అన్నది చూసుకోండి. నేను చూసిన ఒక చోట అందిన తేదీనే కట్టేది. చీటీలో ఒక రేటు, ఖాతాలో ఇంకొక రేటు ఉంటే రైతుకు సమాధానం చెప్పడం కార్యదర్శి వల్ల కాదు.

కార్యదర్శమ్మ

ఆ రోజున మా ఇంటి ముందుకే వస్తారు, యూనియన్ ఆఫీసుకు ఎవరూ వెళ్లరు. నన్నడిగితే బిల్లునే ఒక రోజు ఆపాలి. 22న వేసినా ఎవరూ ఏమీ అనుకోరు. తక్కువ వేస్తే మాత్రం అంటారు.

లీటరుకిలో

ఒక్క కేంద్రం కోసం జిల్లా మొత్తానికి చెల్లింపు ఆపమంటే మా పాలకవర్గం ఒప్పుకోదు. ఆ ఒక్క కేంద్రానికే విడిగా బిల్లు వేయవచ్చు కానీ బ్యాంకుకు రెండు జాబితాలు పంపాల్సి వస్తుంది, మా మేనేజరు గారికి అదీ ఇష్టం లేదు.

లెక్కలగది

మా దగ్గర రద్దు పద్ధతి, పూట ముగింపు అంకెలు రెండూ పెట్టమని రాసి ఇచ్చాను. గుర్తింపులో ప్రస్తుతానికి సభ్యుని సంఖ్య, శాంపిల్ సంఖ్య, తూకం సమయం మూడూ చేర్చారు. పాతవే ఇప్పుడు సమస్య. జూన్‌లో నియమం పెట్టిన నాటి నుంచి వచ్చినది వచ్చినట్టు ఉన్న పట్టిక చెరిపివేయకుండా ఉంది కాబట్టి, బిల్లులోకి ఎక్కనివాటిని తీయగలిగాం. కానీ వాటిలో నిజంగా రాలిపోయిన పాలూ, సిగ్నల్ వల్ల మళ్లీ వచ్చిన నకళ్లూ కలిసి ఉన్నాయి. తూకం సమయం, పరిమాణం, వెన్న మూడూ బిల్లులోని నమోదుతో అక్షరాలా ఒకటే అయితే నకలుగా, లేకపోతే నిజమైన పాలుగా తీసుకుంటున్నాం. గడియారం చెడిన రెండు కేంద్రాల దగ్గర ఈ పరీక్ష పనిచేయడం లేదు. చీటీలు తెమ్మని రైతులను అడుగుదామంటే, ఆ కాగితం మీది అక్షరాలు నెల తిరిగేసరికి వెలిసిపోతున్నాయి.

కార్యదర్శమ్మ

ఆ రెండు కేంద్రాల కార్యదర్శుల దగ్గర చేతితో రాసే రిజిస్టరు ఉందేమో అడగండి. యంత్రం వచ్చాక చాలామంది మానేశారు, నేను మాత్రం మానలేదు. బకాయి ఇచ్చేటప్పుడు దాన్ని ఆ నెల పాల సొమ్ములో కలిపేయకుండా, ఏ తేదీ, ఏ పూట, ఎన్ని లీటర్లో బిల్లులో వేరే వరుసగా చూపించండి.