‘నడుమున’నా, ‘ఇరుసున’నా?

మిర్యాలగూడ మిత్రుడు: ఇంటర్‌ల మా ఫిజిక్స్ సారు రెండు తీగచుట్ల అన్యోన్య ప్రేరకత్వం చెప్పేటప్పుడు ఒక మాట కట్టి పాడెటోరు: “కరెంటు పెద్దదానికియ్యి, లెక్క చిన్నదానిల తియ్యి, చిన్నది ____ ఉంటే చాలు.” ఖాళీల ‘నడుమున’ అని నా యాది. తమ్ముడేమో ‘ఇరుసున’ అంటడు. ఎవరికన్న గుర్తుందా?

పాలమూరు పద్యం: గణం చూసి తేల్చలేం. రెండూ నాలుగు లఘువులే, నలమే. ద్విపద అనుకునేరు, ప్రాసాక్షరం కలవలే. ద్విపద నడక కావాలంటే మా గోన బుద్ధారెడ్డిని చదవాలె, చదువుతుంటే నోరే పాట అందుకుంటది.

భువనగిరి: ‘నడుమున’నే. చిన్న చుట్టంతటా క్షేత్రం ఒక్కతీరు ఉండాలంటే అది కేంద్రంలనే ఉండాలె. అప్పుడే, పెద్దదాని వ్యాసార్ధం R, చిన్నదానిది r అయితే, M = μ₀πr²/(2R).

నకిరేకల్ టీచర్: సూత్రం సరే, షరతు అది కాదు. ఇరుసు అంటే పెద్దదాని కేంద్రం నుంచి నిలువుగ పోయే గీత, దాని మీద z దూరం ఎంత జరిపినా లెక్క నడుస్తది: M = μ₀πR²r²/(2(R²+z²)^(3/2)). పెద్దది 20 సెం.మీ. వ్యాసార్ధం, చిన్నది 1 సెం.మీ. అనుకోండి. కేంద్రంల 0.99 నానోహెన్రీ వస్తది. 20 సెం.మీ. పైకి లేపితే 0.35. విలువ తగ్గింది, పద్ధతి చెడలే. చెడేది చిన్నది పెరిగితే. కేంద్రంల తీగ దిక్కు పోయినకొద్దీ క్షేత్రం పెరుగుతది గనక సూత్రం తక్కువ చూపిస్తది. 1 సెం.మీ.కి తేడా వెయ్యిల ఒకటి కూడా ఉండదు, 10 సెం.మీ.కి పదో వంతు దాటుతది. పైగా కేంద్రం కన్నా R/2 ఎత్తుల ఇంకా నయం, అక్కడ మొదటి సవరణ పదం సున్నా అయితది. అందుకే నా ఓటు ‘ఇరుసున’కు.

దేవరకొండ వైండింగ్: మా బోరు మోటర్ల చుట్లు ఒకదాంట్ల ఒకటే ఉంటయి. వాటికీ ఇదేనా?

నకిరేకల్ టీచర్: కాదన్నా. అండ్ల ఇనుము ఉంటది, అభివాహం దాని వెంబడి పోతది. ఇది గాలిల ఉన్న చుట్లకే. చుట్లు ఎక్కువైతే మాత్రం రెండింటి సంఖ్యలతో గుణిస్తే చాలు.

భువనగిరి: మరి కరెంటు చిన్నదానికిస్తే M మారుతదా?

నకిరేకల్ టీచర్: మారదు, చేతికి మాత్రం కష్టం. కేంద్రంల పెట్టి చూడండి. చిన్నదాని గీతలు చాలామటుకు పెద్దదాని లోపల్నే తిరిగి కిందికొస్తయి, ఆ కొట్టివేతంతా మనమే కూడాలె. ఎటు నుంచి చేసినా M ఒకటే గనక సారు సులువు దిక్కు పట్టుకున్నరు. “పెద్దదానికియ్యి” అన్న మాట బలమంతా అదే.

పాలమూరు పద్యం: లెక్కకు ‘ఇరుసు’ ఒప్పుకుంటా. కానీ పాడే మనిషి ‘చిన్నది’ పక్కన ‘నడుమున’ అంటేనే నకారం మీద నకారం పడి నాలుకకు అందుతది. సార్లు చెవి కోసం షరతు కుదిస్తరు.

మిర్యాలగూడ మిత్రుడు: తమ్ముడిప్పుడే ఫోన్ చేసిండు. వాళ్ల బ్యాచ్‌ల ఇంకొకాయనకు ‘నడిమిట’ అని యాదికున్నదట.

పాలమూరు పద్యం: అదీ నలమే!