హోదా మారింది సరే, నేను ఎదిగానా లేదా అన్నది ఎలా కొలుచుకోవాలి?

నమస్కారం. అకౌంట్స్ విభాగంలో 6 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈలోగా హోదా రెండుసార్లు మారి, ఇప్పుడు నా పేరు పక్కన మేనేజర్ అని ఉంది. అయితే మొన్న నెలాఖరు ఖాతాలు ముగిస్తూ, మూడేళ్ల కిందట రాసుకున్న నోట్సు తీసి పక్కన పెట్టి చూసుకున్నాను. బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాలను సరిపోల్చడం, తేడాల జాబితా రాయడం, దాన్ని పైఅధికారికి పంపడం, అంతా అదే వరుస. తేడాను ఏ ఖాతాలో సర్దాలో నిర్ణయించేది అప్పుడూ ఆయనే, ఇప్పుడూ ఆయనే. నాలుగు రోజుల పని రెండు రోజుల్లో అవుతున్న మాట నిజమే కానీ, అది అలవాటు వల్ల వచ్చిన వేగమే తప్ప కొత్తగా నేర్చుకున్నది కాదని నా అనుమానం.

అందుకే ఇకపై మూడు నెలలకోసారి, ఎవరినీ అడగకుండా నేను తీసుకున్న నిర్ణయాలలో తప్పు జరిగితే నేనే జవాబు చెప్పుకోవలసినవి ఎన్నో, మొదటిసారి ఎదురై నేనే విప్పుకున్న చిక్కులు ఏవో రాసిపెట్టుకోవాలనుకుంటున్నాను. సందేహమల్లా ఒక్కటే: పైఅధికారి సెలవులో ఉన్నప్పుడు నా మీద పడిన నిర్ణయాలను కూడా బాధ్యత పెరిగినట్టు లెక్కించవచ్చా, లేక ఆయన తిరిగి వచ్చాక కూడా నా చేతిలోనే మిగిలినవాటినే లెక్కించాలా? ఇలా కొలుచుకున్న అనుభవం ఉన్నవారు దయచేసి మీ పద్ధతి చెప్పగలరు.