ఎర్ర ఫోన్ బూత్ కనిపిస్తే బ్రిటన్ అనుకోవచ్చా?

వీధిచూపు
వీధి ఫొటో చూసి దేశం చెప్పే ఆటలో ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. ఇరుకైన ఎత్తుపల్లాల వీధి, రెండు వైపులా పాత భవనాలు. మూలన ఎర్రటి ఫోన్ బూత్, పైన కిరీటం గుర్తు. కాస్త దూరంలో ఒక ఎర్ర తపాలా పెట్టె, ఒక ఇనుప బెంచీ, గాజు గోడల బస్ షెల్టర్. బోర్డుల మీద అక్షరాలు మసక. నేను బ్రిటన్ అనుకుంటున్నాను, కానీ వెలుతురు చూస్తే దక్షిణ ఐరోపాలా ఉంది. వీటిలో దేన్ని నమ్మాలి?

గోపీకృష్ణ
ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఆ ఎర్ర బూత్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ రూపకల్పన. మొదటిది 1926లో వచ్చింది, ఊరూరా కనిపించేది 1936 నాటిది. బ్రిటన్ అని గుద్దేయండి.

మైలురాయి
గోపీకృష్ణ గారూ, రూపకర్త పేరు, సంవత్సరాలు సరే. కానీ ఆ బూత్ బ్రిటిష్ పాలన వెళ్లిన చోటికల్లా వెళ్లింది. మాల్టా, జిబ్రాల్టర్, సైప్రస్, బెర్ముడాల్లో ఉన్నాయి. బ్రిటిష్ పాలనలో లేని పోర్చుగల్‌లోనూ ఉన్నాయి, ఎందుకంటే లిస్బన్, పోర్టోలలో టెలిఫోన్లు నడిపింది బ్రిటిష్ పెట్టుబడితో ఏర్పడ్డ కంపెనీ. ఇక హోటళ్ల ముందు అలంకారానికి పెట్టినవి ప్రపంచమంతటా ఉన్నాయి.

అసలు బ్రిటన్‌లోనే అన్నీ ఎరుపు కావు. హల్ నగరంలో టెలిఫోన్ వ్యవస్థ నగరపాలక సంస్థ చేతిలో ఉండేది. అక్కడి బూత్‌లు మీగడ రంగువి, వాటి మీద కిరీటం ఉండదు.

వీధిచూపు గారూ, బూత్‌ను కాసేపు పక్కన పెట్టి రోడ్డు చూడండి. వాహనాలు ఏ పక్కన వెళుతున్నాయి?

రమాదేవి_ప్రయాణం
బస్ స్టాప్ ఎక్కడుందో తెలియకపోతే ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే చాలు కదా, దగ్గర్లోని స్టాపులన్నీ చూపిస్తుంది. దీనికి ఇంత చర్చ ఎందుకో అర్థం కాలేదు.

వీధిచూపు
రమాదేవి గారూ, నేను స్టాప్ వెతకడం లేదండీ, ఆ స్టాప్ ఏ దేశంలో ఉందో వెతుకుతున్నాను. 😀

మైలురాయి గారూ, వాహనాలు కుడి పక్కనే వెళుతున్నాయి. ఒంటిదారి వీధేమో అనుకున్నాను, కానీ ఎదురుగా వచ్చే కారు ఎడమ పక్కన ఉంది.

మైలురాయి
అయితే సగం పని అయింది. బ్రిటన్, మాల్టా, సైప్రస్, బెర్ముడా నాలుగూ ఎడమ పక్కన నడిపే చోట్లు. అవి పోయాయి. జిబ్రాల్టర్ 1929లోనే కుడికి మారింది, పోర్చుగల్ కూడా కుడే. మిగిలినవి ఆ రెండే.

ఇప్పుడు తపాలా పెట్టెకు దగ్గరగా వెళ్లండి. పోర్చుగల్‌లో కూడా ఎర్రటి గుండ్రని పెట్టెలు ఉంటాయి, దూరం నుంచి చూస్తే మోసపోతాం. వాటి మీద పోర్చుగీసులో ‘కొర్రెయు’ అని ఉంటుంది. బ్రిటిష్ పెట్టె అయితే తలుపు మీద రాజు లేదా రాణి పేరు పొడి అక్షరాలు పోతపోసి ఉంటాయి. విక్టోరియా అయితే వీఆర్, జార్జి అయితే జీఆర్. ఎలిజబెత్ కాలానిదైతే ఈ, ఆర్ అక్షరాల మధ్య రోమన్ రెండు అంకె.

ఆ తర్వాత కార్ల వెనుక ప్లేట్లు. ఈ ఆటలో అంకెలు మసక చేస్తారు కానీ రంగు దాచరు. జిబ్రాల్టర్‌లో బ్రిటన్‌లాగే ముందు తెలుపు, వెనుక పసుపు. పోర్చుగల్‌లో మామూలు కార్లకు రెండూ తెలుపే.

పావని
పసుపు ప్లేటు ఒక్కటి చూసి నిర్ణయించకండి. బ్రిటన్ నుంచి సొంత కార్లో సెలవులకు వచ్చేవాళ్లు పోర్చుగల్‌లో చాలామంది. కనీసం వరుసగా ఆగి ఉన్న నాలుగైదు కార్లు చూడాలి.

నాగేశ్వరరావు
జర్మనీలో మా అమ్మాయి ఉంటుంది. అక్కడ ఏ ఊరికి వెళ్లినా బస్ స్టాప్ దగ్గర పసుపు వృత్తంలో ఆకుపచ్చ ‘హెచ్’ అక్షరం. షెల్టర్లు మాత్రం ఒక్కో ఊళ్లో ఒక్కో రకం. మా అల్లుడి ఊళ్లో మరీ పాతది, వాన పడితే లోపల కూడా తడుస్తాం. అంటే షెల్టర్ కన్నా గుర్తు పలకే నయం అనుకోవచ్చా?

మైలురాయి
నాగేశ్వరరావు గారూ, అసలు విషయం పట్టుకున్నారు. ఆ పలక రోడ్డు నియమాల్లో ఉన్న గుర్తు. దేశమంతటా ఒకే రూపంలో ఉండక తప్పదు. షెల్టర్ సంగతి అలా కాదు. 1964లో లియాన్‌లో జేసీడెకో కంపెనీ ఒక పద్ధతి మొదలుపెట్టింది: షెల్టర్ కట్టేది, శుభ్రం చేసేది కంపెనీ, నగరం డబ్బు పెట్టదు, ప్రకటనల ఆదాయం కంపెనీది. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. అందుకే గాజు గోడ, పక్కన వెలిగే ప్రకటన పలక ఉన్న షెల్టర్ ఏ నగరంలోనైనా కనిపించవచ్చు. అది కాంట్రాక్టు ఎవరిదో చెబుతుంది, దేశం చెప్పదు.

నేను ఏ వస్తువు చూసినా అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని ఎవరు పెట్టారు? తపాలా, టెలిఫోన్ చాలా దేశాల్లో దశాబ్దాలపాటు ఒకే సంస్థ చేతిలో ఉండేవి, కాబట్టి వాటి సామాను దేశమంతా ఒకే పోత. బెంచీ అయితే నగరపాలక సంస్థ కేటలాగ్ చూసి కొంటుంది. మీ ఫొటోలో ఆ బెంచీని నేను లెక్కలోకే తీసుకోను.

గోపీకృష్ణ
మరి ఐర్లాండ్? అక్కడ తపాలా పెట్టెలు ఆకుపచ్చవి. వీఆర్ అక్షరాలు ఉంటే బ్రిటిష్ అన్న మీ సూత్రం అక్కడ పనిచేయదు.

మైలురాయి
మంచి ప్రశ్న. స్వాతంత్ర్యం వచ్చాక పాత బ్రిటిష్ పెట్టెలనే ఆకుపచ్చ రంగు వేసి వాడుకున్నారు. ఇనుములో పోతపోసిన అక్షరాలు అలాగే మిగిలాయి. సైప్రస్‌లో పసుపు వేశారు. అంటే అక్షరాలు ఆనాటి పాలన చెబితే, రంగు ఈనాటి దేశం చెబుతుంది. రెండూ కలిపి చదవాలి.

స్కాట్లండ్‌లో ఇంకో మెలిక. అక్కడ ఎలిజబెత్ అనే రాణి అంతకుముందు లేదు, ‘రెండవ’ అనడం ఏమిటని గొడవ లేచింది. ఎడిన్‌బరోలో అలాంటి పెట్టెను 1953లో పేల్చేశారు. ఆ తర్వాత అక్కడి కొత్త పెట్టెల మీద అక్షరాలకు బదులు స్కాట్లండ్ కిరీటం పెట్టారు.

వీధిచూపు
చూశాను. పెట్టె మీద పొడి అక్షరాలే, చివరిది ఆర్ అని స్పష్టంగా ఉంది, మొదటిది చెట్టు నీడలో పోయింది. ఆగి ఉన్న కార్లలో ఆరింటికి వెనుక ప్లేటు పసుపు, ఒకదానికి తెలుపు. జిబ్రాల్టర్ పెట్టాను, సరైంది! ఆ తెల్ల ప్లేటు స్పెయిన్ కారై ఉంటుంది, సరిహద్దు పక్కనే కదా.

పావని
అభినందనలు. నాకూ ఒకటి ఉంది, రెండు రోజులుగా తేలడం లేదు. పొలాల మధ్య రోడ్డు పక్కన కాంక్రీటు బస్ స్టాప్, గోడంతా రంగురాళ్ల మొజాయిక్, పొద్దుతిరుగుడు పూల బొమ్మలు. ఉక్రెయిన్ అంటే తప్పా?

మైలురాయి
ఆ బొమ్మలతో దేశం తేలదు. సోవియట్ కాలంలో రోడ్డు పక్క స్టాపులంటే స్థానిక కళాకారులకు కాస్త స్వేచ్ఛ దొరికిన చోటు, అందుకే ఏ రెండూ ఒకలా ఉండవు. మాజీ సోవియట్ దేశాల్లో ఏదైనా కావచ్చు. గోడ మీద ఊరి పేరుందేమో చూడండి. జార్జియా, ఆర్మేనియాల లిపులు వేరు. సిరిలిక్ అక్షరాల్లో పైన రెండు చుక్కలున్న ‘ఐ’ లాంటిది కనిపిస్తే ఉక్రెయిన్ వైపు మొగ్గవచ్చు.

పావని
పేరు ఉన్న చోట పెచ్చు ఊడిపోయింది. మోల్డోవా, ఉక్రెయిన్ మధ్య ఊగుతున్నాను.

గోపీకృష్ణ
పొద్దుతిరుగుడు ఉంది కదా, ఉక్రెయినే.

మైలురాయి
మోల్డోవాలోనూ ఆ పంట వేస్తారండీ. పావని గారూ, అదే రోడ్డు మీద ముందుకు వెళితే కరెంటు స్తంభాలో, ఊరి పేరు పలకో దొరకవచ్చు. పలక మీద లాటిన్ అక్షరాలు మాత్రమే ఉంటే మోల్డోవా వైపు వెళ్లండి. ఏమీ దొరకకపోతే ఇక్కడ ఫొటో పెట్టండి, చూద్దాం.