వైద్య సెలవు తర్వాత దశలవారీ విధులు: నాలుగో వారంలో నెలాఖరు వస్తే ఏం చేయాలి?

విజయనగరంలో ఒక సంస్థ అకౌంట్స్ విభాగాన్ని చూస్తున్నాను. కీమోథెరపీ ముగించుకున్న మా సహోద్యోగిని ఏడు నెలల సెలవు తర్వాత వచ్చే నెల మొదటి సోమవారం విధుల్లో చేరుతున్నారు. ఆవిడ శ్రీకాకుళం నుంచి బస్సులో రావాలి కనుక, రద్దీ తప్పేలా పదకొండు నుంచి మూడు వరకే పనివేళలు పెట్టి, ప్రయాణాన్ని కూడా శ్రమగానే లెక్కించాను.

మొదటి రెండు వారాలు సోమ, బుధ, శుక్రవారాలు, గడువు లేని వోచర్ల పరిశీలన మాత్రమే. మూడో వారం నాలుగు రోజులు, నాలుగో వారం ఐదు రోజులు. ఐదో వారం నుంచి వారానికి ఒక్కో గంట చొప్పున రోజువారీ పనివేళలు పెంచుకుంటూ పోతే ఎనిమిదో వారానికి పూర్తి పనివేళలు వస్తాయి. ఒకే వారంలో పనిగంటలనూ బాధ్యతనూ కలిపి పెంచకూడదన్నది నా నియమం. కీమో తర్వాతి నీరసం ఒక్కోసారి మరునాడు బయటపడవచ్చు కాబట్టి, రోజు విడిచి రోజు వచ్చినంత కాలం అది ఇంట్లోనే గడిచిపోయి మాకు కనబడదు. వరుస రోజులు మొదలయ్యాకే గురువారం నాటి అంకెల్లో తప్పులుగా తేలుతుందని నా భయం.

చిక్కల్లా నాలుగో వారంలోనే ఉంది. రోజులు పెరిగే ఆ వారమే జీతాల బిల్లులు వస్తాయి. వాటిని వేరొకరికి అప్పగించాలా, లేక మూడో వారపు నాలుగు రోజులనే కొనసాగించి ఆవిడకు కొంత భాగం ఇవ్వాలా? నీరసం ఎక్కువైతే అదే వారాన్ని మళ్లీ నడపడం మేలా, ఒక మెట్టు వెనక్కి రావడం మేలా? వైద్యుల అనుమతికి లోబడే మార్పులు చేస్తాను. ఇలాంటి పట్టిక అమలు చేసినవారు దయచేసి చెప్పగలరు.