పాప పెళ్ళికి హారమా, గోల్డ్ బాండా?

గుంటూరు గృహిణి:
పాపకి 14 ఏళ్ళు. చేతిలో 4 లక్షలున్నాయి, దాని పెళ్ళికని బంగారంలోనే పెడదామనుకుంటున్నాం. మా అత్తగారు ఇప్పుడే హారం చేయించి పెట్టమంటున్నారు, మావారు ప్రభుత్వం బంగారం ధరకు ముడిపెట్టి ఇచ్చే గోల్డ్ బాండ్లంటున్నారు. తరుగు, మజూరీ పోగా నగలో నిజంగా ఏం మిగులుతుంది? ఇంట్లో రోజూ ఇదే గొడవ.

డీమ్యాట్ బాబాయ్:
ఆలోచించడానికేముందమ్మా, బాండ్లే. ఏటా రెండున్నర శాతం వడ్డీ, చివర్లో లాభం మీద పన్ను లేదు, లాకర్ అద్దె లేదు, దొంగల భయం లేదు. నగ కొన్న మరునిమిషమే పదిహేను శాతం పోయినట్టు. రేపే బ్యాంకుకెళ్ళి ఫారం నింపేయమనండి మీవారిని.

లెక్కల పంతులు:
బాబాయ్, ఆ ఫారం ఇప్పుడు ఏ బ్యాంకులోనూ లేదండి. చివరి విడత 2024 ఫిబ్రవరిలో గ్రాము 6,263 రూపాయలకు వచ్చింది. తర్వాత ప్రభుత్వం కొత్తది తేలేదు. ఇప్పుడు కావాలంటే పాత బాండ్లను స్టాక్ ఎక్స్ఛేంజీలో ఇంకొకరి దగ్గర కొనుక్కోవాలి. SGBFEB32IV అని కనిపించేది ఆ చివరి విడతే, గడువు 2032 ఫిబ్రవరి.

అక్కడ కొంటే మీరన్న రెండున్నర శాతం రాదు. వడ్డీ ఎప్పుడూ విడుదల ధర మీదే లెక్క. 6,263 మీద రెండున్నర శాతమంటే గ్రాముకి ఏడాదికి 157 రూపాయల లోపు. అదే బాండును మీరు గ్రాము 13,000 పెట్టి కొన్నారనుకోండి, మీకు దక్కేది 1.2 శాతమే. పన్ను సంగతీ మారింది. 2026 బడ్జెట్‌లో మార్చిన నిబంధన ప్రకారం, విడుదలైనప్పుడే కొని గడువు దాకా ఉంచుకున్నవాళ్ళకే ఆ మినహాయింపు. ఎక్స్ఛేంజీలో కొన్నవాళ్ళు లాభం మీద పన్ను కట్టాల్సిందే.

అమ్మా, మీవారు విన్న బాండు కథ నిజమే. కానీ అది 2015లో కొన్నవాళ్ళ కథ. దాన్నే లెక్క వేసి చూపిస్తాను, మీ ఇంటి గొడవ ఎక్కడుందో తేలుతుంది.

మొట్టమొదటి విడత 2015 నవంబరులో గ్రాము 2,684కి వచ్చింది, 2023 నవంబరులో 6,132 చొప్పున డబ్బు చేతికొచ్చింది. ఒకాయన 40 గ్రాములు తీసుకుంటే పెట్టింది 1,07,360. ఎనిమిదేళ్ళకు అసలు 2,45,280, వడ్డీ (అప్పుడు 2.75 శాతం ఉండేది) మరో 23,600. మొత్తం దాదాపు 2,68,900.

అదే డబ్బుతో అదే రోజు 22 క్యారెట్ల నగ కొంటే? తరుగు 14 శాతం, పన్ను 1 శాతం అనుకుందాం. చేతికొచ్చేది 37.9 గ్రాములు. 2023లో అమ్మితే, షాపువాడు 3 శాతం కోసుకున్నా 2,06,700 వస్తుంది. తేడా 62 వేలు. మీవారు గెలిచినట్టే కదా?

ఆగండి. మీకు పెళ్ళినాటికి కావలసింది డబ్బు కాదు, హారం. ఆ బాండు డబ్బుతో 2023లో నగ కొనబోతే మళ్ళీ అదే 14 శాతం తరుగు, పైన 3 శాతం జీఎస్టీ. 2,68,900కి వచ్చేది 40.8 గ్రాములు. 2015లోనే కొని దాచుకున్నావిడ దగ్గర 37.9 ఉన్నాయి. తేడా మూడు గ్రాముల లోపు. వడ్డీ తీసేసి చూస్తే బాండువాళ్ళకు 37.2 గ్రాములే, నగ కొన్నావిడే ఓ పిసరు ముందుంది! ఎందుకంటే తరుగు శాతాల్లో ఉంటుంది. బంగారం పెరిగితే అదీ పెరుగుతుంది. బాండు తరుగును తప్పించదు, వాయిదా వేస్తుందంతే.

డీమ్యాట్ బాబాయ్:
కొత్త విడతలు ఆగిన సంగతి నిజంగానే గమనించలేదు పంతులుగారూ, ఒప్పుకుంటున్నా. కానీ లాకర్ అద్దె మీ లెక్కలో ఎక్కడ?

లెక్కల పంతులు:
వేయలేదు. ఒక్క హారం కోసమే లాకర్ తీసుకుంటే ఆ మూడు గ్రాముల తేడా ఇంకా పెరుగుతుంది. ఎలాగూ లాకర్ ఉన్న ఇల్లయితే పెద్ద లెక్క కాదు.

కంసాలింటి అబ్బాయి:
పంతులుగారి లెక్క బాగుంది. అయితే ఆ హారాన్ని పాప అలాగే వేసుకుంటుందని అనుకున్నారు కదా, దెబ్బంతా అక్కడే. మా నాన్న నలభై ఏళ్ళు పని చేశారు. తల్లి దాచిన నగను కూతురు ముట్టుకోకుండా "కరిగించి వేరేది చేయండి" అనడమే మా ఇంట్లో ఎక్కువ చూశాను. అప్పుడు తరుగు రెండోసారి.

ఇక స్వచ్ఛత. మా మేనత్త హారం సంగతి చెప్తాను. 1980ల్లో పేరున్న షాపులోనే కొన్నది, "22 క్యారెట్లే" అన్న మాట తప్ప ముద్ర లేదు. తూకం 48 గ్రాములు. మూసలో పెట్టేముందు కెంపులు తీశాం. గుండ్లలో నింపిన లక్క కాలుతుంటే గదంతా వాసన. చివరికి మూసలో మిగిలిన ముద్ద 41 గ్రాములు. పరీక్ష చేయిస్తే 84 శాతం. 22 క్యారెట్లంటే 91.6 ఉండాలి. అంటే 48 గ్రాములనుకున్న హారం అసలు లెక్కలో 37.6 గ్రాముల నగ. ఇది మోసం అనలేను. అప్పట్లో అతుకుల దగ్గర స్వచ్ఛత తక్కువున్న బంగారంతో టంకం పెట్టేవాళ్ళు, గుండ్లెక్కువున్న నగలో అతుకులూ ఎక్కువే.

ఇప్పుడు హాల్‌మార్క్ వచ్చాక ఆ భయం చాలా తగ్గింది. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ వేసిన ప్రతి నగ మీదా అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే HUID అనే గుర్తు ఉండాలి. BIS Care యాప్‌లో అది కొడితే ఏ వస్తువు, ఎంత స్వచ్ఛత, ఏ షాపు అన్నది వస్తుంది. మీ చేతిలో గొలుసుంటే యాప్‌లో ఉంగరం అని వస్తే అక్కడే ఆపేయండి. కానీ ఆ ముద్ర చెప్పేది స్వచ్ఛత ఒక్కటే. రాళ్ళ బరువు, లక్క బరువు బంగారం రేటుకు కట్టారా లేదా అన్నది బిల్లులోనే చూసుకోవాలి. స్థూల తూకం, నికర తూకం వేరువేరుగా రాయించుకోండి.

డాలస్ కోడలు:
మేం ఇక్కడ్నుంచి ఆ బాండ్లు కొనచ్చా? ఎన్నారై ఖాతా ఉంది. ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో కూడా మేకింగ్ ఛార్జీలు బాగానే వేస్తున్నారు.

లెక్కల పంతులు:
కొనకూడదండీ, ఇండియాలో నివాసం ఉన్నవాళ్ళకే. ఇక్కడున్నప్పుడు కొని తర్వాత వెళ్ళినవాళ్ళు మాత్రం గడువు దాకా ఉంచుకోవచ్చు.

కంసాలింటి అబ్బాయిగారు చెప్పింది నా లెక్కలో పెట్టి చూశాను. 37.9 గ్రాముల పాత నగను 2023లో ఇచ్చి కొత్తది చేయిస్తే, 3 శాతం కోత, మళ్ళీ తరుగు, జీఎస్టీ పోగా చేతికొచ్చేది 31.3 గ్రాములు. బాండువాళ్ళకు 40.8. ఇప్పుడు తేడా తొమ్మిదిన్నర గ్రాములు. పాత నగకి నూటికి నూరు ఇస్తామన్న షాపులోనైనా 32.3 దాటదు. ఎందుకంటే వాళ్ళు వదులుకునేది ఆ 3 శాతమే, కొత్త తరుగు కాదు.

కాబట్టి మీ ఇంట్లో అడగాల్సింది వడ్డీ సంగతి కాదు. ఇప్పుడు చేయించే హారాన్ని పదేళ్ళ తర్వాత పాప వేసుకుంటుందా?

నెల్లూరు అక్క:
అందరూ గ్రాములే లెక్కేస్తున్నారు. ఆ బంగారం ఎవరి పేరున ఉంటుందని ఒక్కరూ అడగలేదు. మా ఇంట్లో బాండ్లు, షేర్లు అన్నీ ఆయన డీమ్యాట్‌లో ఉండేవి. వ్యాపారం దెబ్బతిన్నప్పుడు ఎప్పుడు అమ్మారో కూడా నాకు తెలియదు. నా గాజులు, గొలుసు మాత్రం నన్నడగకుండా ఎవరూ ముట్టుకోలేకపోయారు. నేనే తీసుకెళ్ళి తాకట్టు పెట్టాను, గంటలో డబ్బొచ్చింది, ఏడాదిన్నరకు విడిపించుకున్నాను. మీ అత్తగారు శాతాలు చెప్పలేకపోవచ్చు గానీ ఆవిడకి ఇది తెలుసు.

డీమ్యాట్ బాబాయ్:
బాండ్లనూ తాకట్టు పెట్టచ్చమ్మా, బ్యాంకులు తీసుకుంటాయి. కొత్త విడతలు వచ్చే రోజుల్లో పాప పేరునే కొనే వీలు కూడా ఉండేది, మైనర్ కాబట్టి గార్డియన్‌గా అమ్మ ఉంటే సరిపోయేది.

నెల్లూరు అక్క:
పెట్టచ్చు బాబాయ్. ఆ ఊళ్ళో ఆ మేనేజరుకు ఆ సంగతి తెలిసుంటే. నేను తిరిగిన రెండు బ్రాంచీల్లో తెలియదన్నారు.

కంసాలింటి అబ్బాయి:
హారం ఇప్పుడే చేయించకుండా మధ్యే మార్గం ఒకటుంది. 24 క్యారెట్ల బిళ్ళలు కొనిపెట్టుకోండి. తరుగు దాదాపు ఉండదు, జీఎస్టీ 3 శాతం మాత్రం తప్పదు. పెళ్ళినాటికి పాపకి నచ్చినట్టు చేయించుకోవచ్చు, తరుగు ఒక్కసారే. బ్యాంకులో మాత్రం కొనకండి, బ్యాంకు అమ్ముతుంది గానీ తిరిగి కొనదు.

లెక్కల పంతులు:
బిళ్ళలు మంచి సలహా. డీమ్యాట్ ఉంటే బంగారం ధరతో పాటు నడిచే ఫండు, అదే గోల్డ్ ఈటీఎఫ్, కూడా అదే పని చేస్తుంది, జీఎస్టీ ఉండదు, ఏటా చిన్న ఖర్చు పోతుంది. పాత బాండ్ల సంగతికొస్తే, తెరమీద రేటు చూసి తొందరపడకండి. కొన్ని సిరీస్‌లలో రోజుకు పట్టుమని వంద గ్రాములు కూడా చేతులు మారవు. కొనేవాడు, అమ్మేవాడు చెప్పే ధరల మధ్య తేడా ఎక్కువుంటుంది. ఆ రోజు జీఎస్టీ కలపని 24 క్యారెట్ల ధర చూసుకోండి, బాండు రేటు దానికంటే బాగా పైన ఉంటే కొనకండి. గడువున ప్రభుత్వం ఇచ్చేది అప్పటి బంగారం ధరే, మీరు పైన పెట్టింది ఇవ్వదు.

నెల్లూరు అక్క మాటకు నా దగ్గర లెక్క లేదు. కాదనలేను కూడా.

గుంటూరు గృహిణి:
నిన్న షాపులో ఎస్టిమేట్ వేయించాను. అత్తగారు చూసిపెట్టిన నకాషీ హారానికి తరుగు 22 శాతమట, పంతులుగారి 14 ఎక్కడా లేదు! అడిగితే 19కి తెచ్చారు. అదే షాపులో సాదా గొలుసుకి 8 అన్నారు. రాళ్ళ బరువు వేరుగా రాయమంటే సేల్స్ అబ్బాయి లోపలికెళ్ళి కాలిక్యులేటర్‌తో మళ్ళీ వచ్చాడు, నికర తూకం రెండు గ్రాములు తగ్గింది.

హారం ఫోటో పాపకి చూపించాను. "బాగుందమ్మా, నానమ్మకి" అంది. ఆవిడ పక్కనే ఉన్నారు.

ప్రస్తుతానికి రెండు సాదా గొలుసులు నా పేరున, మిగతాది బిళ్ళలు అనుకుంటున్నాం. మావారు ఈటీఎఫ్ అంటున్నారు, ఆ ఒక్కటీ ఇంకా తేలలేదు.

నెల్లూరు అక్క:
బిల్లు మీ పేరున రాయించుకోండి. ఈటీఎఫ్ అయితే డీమ్యాట్ కూడా.